రూతు టీచర్ పెట్టే చుక్క

రూతు టీచర్ ఎనిమిదో తరగతి పిల్లల ఇంగ్లీషు తప్పులు దిద్దదు. తప్పున్న వరుస పక్కన, మార్జిన్‌లో, పెన్సిల్‌తో ఒక చుక్క పెడుతుంది, అంతే. తప్పేమిటో వెతుక్కోవడం పిల్లల పని. దొరికాక తెచ్చి చూపిస్తే అప్పుడు టిక్ పెడుతుంది. పంతొమ్మిదేళ్లుగా ఖరగ్‌పూర్‌లో తెలుగు సంఘం వాళ్లు నడిపే ఆ చిన్న బడిలో ఇదే పద్ధతి.

దీనికో కారణముంది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరైన సూసన్న కూతురు రూతు. ఆమె చదువుకునే రోజుల్లో పుస్తకం నిండా ఎర్రసిరా ఉండేది. దాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో ఎత్తి రాసేది, తప్పెక్కడుందో మాత్రం పదో తరగతి తప్పేదాకా తెలియలేదు. ఆ మంట ఆమెకింకా చల్లారలేదు.

మన పిల్లలు తెలుగులో ‘వెళ్లి, తిని, వచ్చి’ అంటూ ఎంత దూరమైనా ఒకే వాక్యంలో లాక్కుపోతారు. ఇంగ్లీషులోనూ అంతే, రెండు నిండు వాక్యాల మధ్య ఒట్టి కామా పడేసి చేతులు దులుపుకుంటారు. పోనీ కామా గురించి చెప్పామా, ఇక ‘అండ్’ కనబడితే చాలు దాని ముందు ఒకటి తగిలిస్తారు. అటూ ఇటూ నిండు వాక్యముంటేనే అక్కడ కామా, ‘రైస్ అండ్ ఫిష్’కి అక్కర్లేదని ఆమె గొంతు పోయేలా చెబుతుంది. ఒక అమ్మాయి సంచీ అయితే అపాస్ట్రఫీ ఎస్‌కి ముందు, పదిమంది అమ్మాయిల సంచులైతే ఎస్ తర్వాత. ఇవన్నీ చెబుతుంది గానీ, చెయ్యి పట్టుకుని దిద్దదు.

ఈ ఏడు కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు జగ్గారావు ఆ నోటుబుక్కులు తిరగేసి మండిపడ్డాడు. శుక్రవారం సంఘం కమిటీ వాళ్లు తనిఖీకి వస్తున్నారనీ, ఎర్రసిరా లేని పుస్తకం దిద్దని పుస్తకం కిందే లెక్క అనీ అన్నాడు. ప్రతి తప్పూ దిద్ది ఉండాలట. లేకపోతే ఎనిమిదో తరగతి ఇంకొకరికి, ఆమెకి నర్సరీ.

రూతుకి ఒళ్లు మండిపోయింది. అయినా ఎర్రసిరా పెన్ను తీసింది. ఎనిమిదో తరగతి పోతే తనకు మిగిలేదేమిటో ఆమెకు తెలుసు. రెండు మధ్యాహ్నాలు స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని నలభై రెండు పుస్తకాలూ ఎర్రగా చేసింది. జగ్గారావుని తిట్టుకుంటూ ఒక కామా, కమిటీని తిట్టుకుంటూ ఒక ఫుల్‌స్టాపు.

గురువారం పుస్తకాలు పంచింది. రైల్వే ట్రాక్‌మన్ తవిటయ్య కూతురు శ్రావణి తన పుస్తకం పట్టుకుని బల్ల దగ్గరకొచ్చింది. ఆ పిల్ల కళ్లలో ఉన్నది భయం కాదు, కోపం. ఇంజిన్ చెడిపోయింది, రైలు లేటుగా వచ్చింది అని ఇంగ్లీషులో రాసి, రెంటికీ మధ్య ఒట్టి కామా పెట్టిన వాక్యమది.

“ఈ సుక్క కాడ తప్పేటో నాలుగు రోజుల్నుంచి వెతికినాను టీచర్. పుస్తకం మీ కాడున్నా వాక్యం గుర్తుంది, నిన్న రాత్రి తప్పు దొరికింది, కాయితం మీద రాసి తెచ్చినాను. తీరా సూస్తే మీరే రాసేసినారు. మీరు ‘సో’ పెట్టినారు. నేను ఫుల్‌స్టాప్ పెట్టినాను. మరి నాది తప్పా?”

తప్పు కాదు. కామా పక్కన ‘సో’ చేర్చినా సరే, కామా తీసేసి ఫుల్‌స్టాప్ పెట్టి, తర్వాతి మాట పెద్దక్షరంతో మొదలెట్టినా సరే. ఆ పిల్ల ఫుల్‌స్టాప్ పెట్టింది, పెద్దక్షరం కూడా మరిచిపోలేదు. తన పద్ధతి ఏ పిల్ల కోసమో ఆ పిల్ల దగ్గరే దొంగతనం చేసినట్టయింది రూతుకి. జగ్గారావు మీదున్న కోపమంతా తన మీదకే తిరిగింది. ఆ కాయితం అడిగి తీసుకుంది.

శుక్రవారం కమిటీ పెద్ద జ్ఞానప్రకాశం ఎర్రటి పుస్తకాలు చూసి తెగ మెచ్చుకున్నాడు. జగ్గారావు ఉబ్బిపోయాడు. రూతు లేచి శ్రావణి కాయితం తెచ్చి ఆ పిల్ల పుస్తకం పక్కన పెట్టింది. రెండూ చూసి ఆయన, ఏది రైటని అడిగాడు.

“రెండూ రైటేనండి. ఎర్రసిరా సూస్తే నాకు వచ్చని తెలుస్తాది. కాయితం సూస్తే ఈ పిల్లకి వచ్చని తెలుస్తాది. ఇంతకీ మీరు ఎవల్ని పరీచ్చ సెయ్యడానికి వచ్చినారు?”

జ్ఞానప్రకాశం కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ కాయితాన్ని మడిచి జాగ్రత్తగా ఎర్రటి పుస్తకంలోనే పెట్టేశాడు.

సోమవారం నోటీసుబోర్డు మీద కొత్త టైంటేబుల్ అంటించారు. రూతు పేరు నర్సరీ ఎదురుగా ఉంది. ఎనిమిదో తరగతి ఇంగ్లీషు జగ్గారావు తానే తీసుకున్నాడు. మొదటి గంటలోనే అందరి చేతా ఎర్రసిరా వాక్యాలు ఎత్తి రాయించాడు. శ్రావణి మాత్రం ఆ ఒక్క వాక్యం దగ్గర తన ఫుల్‌స్టాపే పెట్టింది. జగ్గారావు దాన్ని ఎర్రసిరాతో కొట్టేశాడు.