రెండో ట్యూబ్‌లో రెండు గీతలు

మా డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని గిరగిర బాబాయి అనేవాళ్లు. ఏ బ్యాచ్ పిల్లలు పెట్టిన పేరో గుర్తులేదు. నిమిషానికి నలభై వేల చుట్లు తిరిగే సెంట్రిఫ్యూజ్ మా దగ్గర ఒక్కటే ఉండేది. దాని మూత తీసే ధైర్యం అతనొక్కడికే ఉండేది. డిగ్రీలు నావి, మిషన్ అతనిది. ఈ పంపకం నాకు చాలా ఏళ్లు హాయిగా ఉంది. అతని గురించి రాయాలంటే నా గురించి కూడా కొంత రాయక తప్పదు. ఆ కొంత రాయడానికే సిగ్గుగా ఉంది.

ఎనిమిదో క్లాసుతో చదువు ఆపేసి, పందొమ్మిదో ఏట సీసాలు కడిగే పనికి వచ్చాడు. మిషన్‌లో ఎదురెదురుగా పెట్టే ట్యూబ్‌ల బరువు సరిసమానంగా ఉండాలి, లేకపోతే అది గది దద్దరిల్లేలా ఊగిపోతుంది. బాబాయి ట్యూబ్‌ని త్రాసు మీద పెట్టకముందే రెండు వేళ్లతో పట్టుకుని, "ఇది రెండు చుక్కలు తక్కువ సార్" అనేవాడు. తర్వాత త్రాసు కూడా ఆ మాటే చెప్పేది. అతని భార్య బట్టలు కుట్టేది. ఒకసారి కొలతలివ్వడానికి వెళ్తే నవ్వుతూ అంది: "అక్కడ అంత పెద్ద మిషన్ తిప్పుతారట. ఇక్కడ కుట్టు మిషన్‌కి దారం ఎక్కించమంటే కళ్లు కనపడవంటారు." అతను వినపడనట్టు గోడకేసి చూశాడు.

ఏటా ఫైనలియర్ పిల్లలకి ఒక ప్రయోగం ఉండేది. బ్యాక్టీరియాకి బరువైన నైట్రోజన్ మాత్రమే తిండిగా పెట్టి చాలా తరాలు పెంచుతారు. దాని డీఎన్‌ఏ అంతా బరువెక్కుతుంది. తర్వాత కడిగేసి, మామూలు తేలిక నైట్రోజన్ ఉన్న ద్రవంలోకి మారుస్తారు. అక్కడినుంచి ఒక్కో తరానికి కొంచెం తీసి, అందులోని డీఎన్‌ఏని సీసియం ఉప్పు నీళ్లలో కలిపి రెండు రోజులు తిప్పుతారు. ట్యూబ్‌లో ఉప్పు అడుగున చిక్కగా, పైన పలచగా సర్దుకుంటుంది. డీఎన్‌ఏ తన బరువుకి తగ్గ చోట గీతలా ఆగుతుంది. రంగు కలిపి ఉంటుంది కాబట్టి అతినీలలోహిత దీపం వేస్తే ఆ గీత నారింజ రంగులో మెరుస్తుంది.

ఆ గీతలు బాబాయికి కంఠతా వచ్చు. సున్నా తరానికి కింద ఒకటి. మొదటి తరానికి మధ్యలో ఒకటి. రెండో తరానికి మధ్యలో ఒకటి, పైన ఒకటి, సమానంగా. మూడో తరానికి అవే రెండు, మధ్యది సన్నం, పైది మూడింతల లావు. చిన్నపిల్లలు బొమ్మల పుస్తకం చెప్పినట్టు చెప్పేవాడు. అలా ఎందుకొస్తాయో అతను అడగలేదు. నేనూ చెప్పలేదు. అటెండరుకి ఎందుకులే అనుకున్నాను. ఇంత పొగరు మాట ఇప్పుడు రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

పరీక్ష రోజు బయటి ఎగ్జామినర్ ఎదుట ట్యూబ్‌లు చూపించాలి. అందుకని అంతకు ముందు వారమే ప్రతివాళ్ల డీఎన్‌ఏలో కాస్త తీసి బాబాయి ఒక్కడే ట్రయల్ వేసేవాడు. ఎవరి గీతలైనా తప్పుగా వస్తే, అసలు పరీక్షకి తన దగ్గరున్న మంచి డీఎన్‌ఏ ఎక్కించేవాడు. పాత బ్యాచ్‌ల్లో బాగా చేసినవాళ్లది మిగిలితే ఫ్రీజర్‌లో ఒక చిన్న డబ్బాలో దాచేవాడు. మొదట్లో ఒక పిల్లవాడు గీతలు రాక గుండెలు పగిలేలా ఏడిస్తే మనసొప్పక చేశాడట. తర్వాత అలవాటైంది.

ఈ సంగతి నాకు తెలుసు. ఇది బయటపడడానికి ఆరేళ్ల ముందే ఏదో వెతుకుతూ ఫ్రీజర్ తెరిస్తే డబ్బా కనిపించింది. మూత మీద అతని కోడిగీతల్లో 0, 1, 2, 3 అని ఉంది. ఒక్క చూపుకే అర్థమైంది. నా ప్రాక్టికల్‌లో ఏటా నూటికి నూరు మంది పాసవడం ఎలాగో కూడా అర్థమైంది. తలుపు మూసేసి వెళ్లి టీ తాగాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే అదే.

ఇది బయటపడిన ఏడు బ్యాచ్‌లో తక్కువ మాట్లాడే అమ్మాయి ఒకతి ఉండేది. అందరూ గడియారం చూసి 0, 1, 2, 3 తరాలకి శాంపిళ్లు తీస్తే, ఆమె ద్రవం ఎంత మసకబారిందో కొలిచి తీసింది. మొదట 0.2 దగ్గర ఒకటి. అది రెట్టింపై 0.4 అయితే ఒక తరం. ఆమె మధ్యలో 0.3 దగ్గర కూడా ఆగి ఒకటి తీసింది. తర్వాత 0.4 దగ్గర, 0.8 దగ్గర. మొత్తం నాలుగు: సున్నా, అర, ఒకటి, రెండు. ఇదంతా రికార్డులో శుభ్రంగా రాసింది. ప్రతి పేజీ కింద నా సంతకం ఉంది. నేను ఒక్క పేజీ చదవలేదు.

ట్రయల్‌లో ఆమె మొదటి ట్యూబ్‌లో కింద గీత వచ్చింది. రెండోదాంట్లో కింద ఒకటి, మధ్య ఒకటి. మూడోదాంట్లో మధ్య ఒక్కటే. నాలుగోదాంట్లో మధ్య, పైన సమానంగా. బాబాయి లెక్క ప్రకారం మొదటిది తప్ప అన్నీ తప్పే. పాపం పిల్ల అనుకుని, డబ్బా తెరిచి, రెండు మూడు నాలుగు ట్యూబ్‌ల్లో తన 1, 2, 3 ఎక్కించాడు.

పరీక్షకి వచ్చిన ఎగ్జామినర్ నెమ్మదైన మనిషి, కానీ రికార్డు మొదటి అక్షరం నుంచీ చదివే రకం. చీకటి గదిలో బాబాయి దీపం పట్టుకున్నాడు. నేను పక్కన నిలబడ్డాను.

"ఇది సున్నా తరం మేడమ్. కింద ఒకటే గీత. డీఎన్‌ఏ అంతా బరువైనదే," అంది అమ్మాయి. రెండో ట్యూబ్ తీసి చూసి ఆగిపోయింది. మూడోది తీసింది. నాలుగోది తీసింది.

"చెప్పమ్మా."

"ఇందులో రెండు గీతలుండాలి మేడమ్. ఒకటే ఉంది."

కళ్ల ముందు పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు గీతలున్నాయి. సున్నా, ఒకటి, రెండు, మూడు అని గబగబా అప్పజెప్పేస్తే మార్కులు చేతిలో పడేవి. ఎగ్జామినర్ రికార్డు తిరగేసింది.

"0.3 దగ్గర తీశానని రాశావు. అప్పటికి సగం డీఎన్‌ఏ ఇంకా నకలు కాలేదు. కింది గీత ఎక్కడికి పోతుంది?"

"పోదు మేడమ్."

"మరి ఇవి ఎవరివి?"

"తెలీదు మేడమ్. నావి మాత్రం కాదు."

"పరీక్షలో ఇంకొకళ్ల శాంపిల్ పెడితే ఏమవుతుందో తెలుసా? పేపర్ మొత్తం రద్దు. ఏడాది పోతుంది."

అమ్మాయి ఏడవలేదు. నాకేసి చూసింది. రికార్డు చదివే సంతకం పెట్టానని నమ్మి, నేను చెబుతాననుకుంది. నేను చేతిలో ఉన్న పెన్ను క్యాప్ తీసి, మళ్లీ పెట్టాను.

"అవి నావి మేడమ్," అన్నాడు బాబాయి. "పిల్లకి ఏం తెలీదు. గీతలు తప్పొచ్చాయని నేనే మార్చాను. తనవి ఫ్రీజర్‌లో భద్రంగా ఉన్నాయి."

ఎగ్జామినర్ నావైపు తిరిగింది. "మీకు తెలుసా?"

"లేదు మేడమ్," అన్నాను. గొంతు ఏమాత్రం తడబడలేదు. నన్ను ఇప్పటికీ కాల్చేది అదే.

అమ్మాయి అసలు డీఎన్‌ఏని మళ్లీ తిప్పమన్నారు. బాబాయిని గదిలోకి రానివ్వద్దన్నారు. నేను గ్లౌజులు వేసుకుని ట్యూబ్‌లు సమానం చేయడానికి కూర్చున్నాను. గంటసేపు అవస్థపడ్డాను, ఒక ట్యూబ్‌లోంచి కొంత ఒలకబోశాను. చివరికి ఎగ్జామినరే విసుగెత్తి, "ఆయన్నే పిలవండి. నేను పక్కన కూర్చుంటాను," అంది. అతను వచ్చి పావుగంటలో ముగించి, ఎవరికేసీ చూడకుండా వెళ్లిపోయాడు.

మూడో రోజు రెండో ట్యూబ్‌లో రెండు గీతలు మెరిశాయి.

"కిందది ఇంకా నకలు కానిది మేడమ్. మధ్యది నకలైనది," అంది అమ్మాయి. "మధ్యది రెండింతలు లావుంది. మొదట ఉన్న రెండింట్లో ఒకటి అలాగే ఉండిపోతే, రెండోది రెండైంది. మూడో ట్యూబ్‌కి ఒక తరం పూర్తయింది, కింది గీత లేదు. పాతది చెక్కుచెదరకుండా ఉండి పక్కన పూర్తి కొత్తది తయారయ్యేదైతే, కింద ఒకటి పైన ఒకటి రావాలి. మధ్యలో ఒక్కటే వచ్చింది కాబట్టి ప్రతిదాంట్లో సగం పాతది, సగం కొత్తది."

"ఆ సగం ముక్కలుముక్కలుగా కలిసిపోయి ఉండొచ్చుగా?"

"అలాగైతే రెండో తరంలో మధ్యకీ పైకీ నడుమ ఒకే గీత రావాలి. నాలుగో ట్యూబ్‌లో రెండు విడివిడిగా ఉన్నాయి మేడమ్. మధ్య ఒకటి, పైన ఒకటి, సమానంగా. డీఎన్‌ఏకుండే రెండు పేటల్లో పాతది విరగకుండా అలాగే ఉంది."

ఎగ్జామినర్ ఆమెకి అందరికంటే ఎక్కువ మార్కులేసింది. రికార్డు కింద నా సంతకాల్ని ఒక్కోటీ చూసుకుంటూ వెళ్లింది.

మర్నాడు ప్రిన్సిపాల్ బాబాయిని రాతపూర్వకంగా సంజాయిషీ అడిగాడు. అతనికి అలాంటి కాగితాలు రాయడం రాదు, నా గదికి వచ్చాడు. "మీరు రాయండి సార్, నేను చెబుతాను," అన్నాడు. రెండు వాక్యాలు చెప్పి ఆగాడు.

"ఒకటి అడగనా సార్? ఆ పిల్లకి కింద గీత ఎందుకొచ్చింది?"

చిత్తు కాగితం తీసి బొమ్మ గీశాను. "డీఎన్‌ఏ రెండు పేటల తాడు లాంటిది. నకలయ్యేటప్పుడు పేటలు విడిపోతాయి. ఒక్కో పాత పేటకి ఒక కొత్త పేట జతవుతుంది. పాతది బరువు, కొత్తది తేలిక. అందుకే మధ్యలో ఆగుతుంది. ఇంకా విడిపోనిది రెండు పేటలూ బరువే కాబట్టి కిందే ఉంటుంది."

అతను వేలితో బొమ్మ మీద దిద్దుతూ కాసేపు చూశాడు. "అయితే రెండో తరంలో పాత పేటలున్నవి మధ్యలో, అన్నీ కొత్తవే ఉన్నవి పైన. మూడోసారి పాత పేటలు అన్నే ఉంటాయి, కొత్తవి పెరుగుతాయి. అందుకని మధ్యది సన్నమవుతుంది. అంతేనా సార్?"

"అంతే."

"ఇంతేనా," అన్నాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. "ఇది ముందే తెలిసుంటే ఆ పిల్ల ట్యూబ్‌ల మీద చెయ్యి వేసేవాణ్ణే కాదు."

నిందగా అనలేదు. నిందగా అనుంటే బాగుండేది. మళ్లీ చెప్పడం మొదలుపెట్టాడు. "రాయండి సార్. ఇలా మార్చడం చాలా ఏళ్లుగా నేనొక్కణ్ణే చేస్తున్నాను. ఈ సంగతి డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలీదు."

పెన్ను ఆగింది. తలెత్తి చూశాను.

"ఆ డబ్బా నేను పెట్టిన దిక్కుకి కాకుండా తిరిగి ఉంటే నాకు తెలీదా సార్? ఆరేళ్లయింది," అన్నాడు మెల్లగా. "రాయండి. ఇద్దరం పోవడం దేనికి?"

అప్పుడైనా కాగితం చింపేసి ఉండాల్సింది. ఎవరికీ తెలియదు అని రాశాను. పూర్తయ్యాక చదివి వినిపించమన్నాడు. ఆ వాక్యంతో సహా మొత్తం చదివి వినిపించాను. విని, సరిగ్గా ఉందని చెప్పి, కింద సంతకం పెట్టాడు.