తొమ్మిది మీటర్ల ట్యాంకు

2006 ఏప్రిల్. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో రిటైరై, తాడేపల్లిగూడెం దగ్గర ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో సివిల్ పిల్లలకు సర్వే పాఠాలు చెబుతున్న రోజులు. ఏలూరు నుంచి పొద్దున్న పాసింజరు, సాయంత్రం మళ్ళీ పాసింజరు. ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. సర్వే ప్రాక్టికల్ పరీక్ష రోజున గ్రౌండులో నిలబడి నిలబడి నా మోకాళ్ళు నావి కాకుండా పోయాయి.

పరీక్ష పెద్ద కష్టమైనదేం కాదు. కాలేజీ వెనక నీళ్ళ ట్యాంకు ఉంది, దాని ఎత్తు లెక్కకట్టాలి. ఎవరికి వారు ట్యాంకు నుంచి కొంత దూరం కొలుచుకుని, అక్కడ కోణాలు కొలిచే థియొడొలైట్ యంత్రం నిలబెట్టి, ట్యాంకు పైఅంచును దాని దుర్భిణిలో చూసి కోణం చదవాలి. దూరాన్ని ఆ కోణపు టాంజెంట్‌తో హెచ్చవేసి, నేల నుంచి యంత్రం ఎత్తు ఎంతో అది కలిపితే ట్యాంకు ఎత్తు. ఇంతే.

ఇబ్బంది ఏమిటంటే, ఆ ట్యాంకు ఎత్తు ఇరవై మీటర్ల తొంభై ఎనిమిది సెంటీమీటర్లని కాలేజీలో అందరికీ తెలుసు. సీనియర్ల రికార్డుల్లో ఉంది. జవాబు ముందే తెలిసినవాడు దుర్భిణిలో కన్ను పెట్టడు. చెట్టు నీడలో కూర్చుని, ఎత్తు నుంచి వెనక్కి లెక్క కట్టి కోణం పుట్టిస్తాడు. ఇలా కోణాలు వండకండర్రా అని ఏటా చెప్పేదాన్ని. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది.

మధ్యాహ్నం జవాబు కాగితాలు దిద్దడానికి బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు, నేను ఫ్యాను కింద కూర్చున్నాం. మార్కుల మీద ఇద్దరం సంతకం పెట్టాలి. ఆయన నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. మర్యాదస్తుడే గానీ నోరు కాస్త వెటకారం.

ఒక కాగితం దగ్గర ఆగి నవ్వారు. "చూశారా మేడమ్ గారూ, ఈ అమ్మాయికి ట్యాంకు తొమ్మిది మీటర్ల ఆరు సెంటీమీటర్లు వచ్చిందండి. మిగతాది భూమిలోకి దిగిపోయినట్టుంది."

పేరు చూశాను. పెదపాడు అవతల కొల్లేటి లంక నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్ల. తండ్రి చేపల చెరువు మీద కాపలా మనిషి. ఆ ఏడు సర్కారు వాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు, ఆయన పని పోయింది. ఒక్క పరీక్ష పోయినా చదువు మాన్పించి ఇంటికి తీసుకుపోతానన్నాడట. వారం క్రితం ఆ పిల్లే నాతో అంది.

"పిలిపించండి," అన్నారాయన.

పొట్టి పిల్ల. వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఏమ్మా, ట్యాంకు అసలు చూశావా?"

"చూశానండీ."

"కోణం ముప్పై ఎనిమిది డిగ్రీలు, సున్నా నిమిషాలు. గీత మీద గీత పడ్డట్టు అంత గుండ్రంగా ఎవరికొస్తుంది? కూర్చుని రాసేసుంటావు."

"లేదండీ, అలాగే వచ్చిందండీ. రెండుసార్లు చూశానండీ."

"రెండుసార్లు చూసిన ట్యాంకు తొమ్మిది మీటర్లేనా? కాలేజీ బిల్డింగే అంతకంటే ఎత్తుంది కదమ్మా!"

పిల్ల తల దించుకుంది. ఆయన నా వైపు తిరిగి, "రీడింగే తీసుకోలేదండి. సున్నా వేసేద్దాం," అన్నారు. సున్నా వేస్తే తప్పినట్టే.

కాగితం నా ముందుకు లాక్కున్నాను. దూరం పాతిక మీటర్లు. యంత్రం ఎత్తు ఒకటి ముప్పై. సూత్రం సరిగా ఉంది, అంకెలు సరైన చోట వేసింది. టాన్ ముప్పై ఎనిమిది అని రాసి, పక్కన సున్నా పాయింటు మూడు ఒకటి సున్నా మూడు అని వేసింది. అక్కడ నా కన్ను ఆగింది. ముప్పై ఎనిమిది డిగ్రీల టాంజెంట్ సున్నా పాయింటు ఏడు ఎనిమిది ఉండాలి.

"నీ క్యాలిక్యులేటరేనా?"

"కాదండీ. మా రూమ్మేటుదండీ. ఎలక్ట్రానిక్స్ అమ్మాయండీ."

ఇంక అడగక్కర్లేకపోయింది. పిల్లను బయటికి పంపేశాను. ఆ బ్రాంచి వాళ్ళు తరంగాల లెక్కలకు క్యాలిక్యులేటర్ను రేడియన్లలో పెట్టుకుంటారు. ఒక రేడియన్ అంటే యాభై ఏడు డిగ్రీల పైచిలుకు. ముప్పై ఎనిమిది అని కొడితే యంత్రం డిగ్రీలనుకోదు. ముప్పై ఎనిమిది రేడియన్లనుకుని, ఆరు చుట్లు పూర్తిగా తిరిగి, ఆపైన పదిహేడు డిగ్రీలు దాటి ఆగుతుంది. ఆ పదిహేడు డిగ్రీల టాంజెంటే ఇస్తుంది. అదే సైన్ ముప్పై కొడితే అర రావలసింది, రేడియన్లలో ఏకంగా మైనస్ వస్తుంది. మైనస్ వస్తే పిల్లలు ఉలిక్కిపడి చూసుకుంటారు. ఇలా నమ్మదగిన అంకె వచ్చినప్పుడే మునుగుతారు. తెర పైన ఆర్ అనే అక్షరం ఆవగింజంత ఉంటుంది. ఎవరు చూస్తారు?

"మీ క్యాలిక్యులేటర్ ఒకసారి ఇవ్వండి," అని ఆయనదే తీసుకున్నాను. మోడ్ బటన్ రెండుసార్లు నొక్కి రేడియన్‌లో పెట్టి, టాన్ ముప్పై ఎనిమిది కొట్టి ఆయన ముందుకు తోశాను. సున్నా పాయింటు మూడు ఒకటి సున్నా మూడు.

ఆయన క్యాలిక్యులేటర్ వెనక్కి తీసుకున్నారు. తనే డిగ్రీల్లోకి మార్చి మళ్ళీ కట్టారు. పాతిక ఇంటూ టాన్ ముప్పై ఎనిమిది, పందొమ్మిది యాభై మూడు. ఒకటి ముప్పై కలిపితే ఇరవై ఎనభై మూడు.

"పదిహేను సెంటీమీటర్లు తక్కువొచ్చిందండి," అన్నారు మెల్లగా.

"ఎండలో టేపు పట్టుకుని కొలిచిన పిల్లకి ఆ మాత్రం తేడా రావాలి. రాకపోతే అనుమానించాలి."

ఆ మాట అన్నాక ఆయన మిగతా కట్ట తిరగేశారు. ఇరవై తొంభై ఎనిమిది. మళ్ళీ ఇరవై తొంభై ఎనిమిది. యంత్రం ఎత్తు అందరికీ ఒకటి నలభై అయిదు. ఆరడుగుల కుర్రాడికీ అంతే, ఈ పిల్లంత ఉన్న ఇంకో అమ్మాయికీ అంతే. మూడు కాళ్ళ మీద యంత్రం ఎవరు నిలబెట్టినా సరిగ్గా అదే ఎత్తులో నిలిచిందన్నమాట.

"ఇవన్నీ తవ్వితే ఇద్దరం రాత్రికి ఇక్కడే పడుకోవాలి మేడమ్ గారూ," అన్నారు.

తవ్వమని నేనూ అనలేదు. పరీక్ష మళ్ళీ పెట్టించే ఓపిక కాలేజీకీ లేదు, నాకూ లేదు. ఆ పిల్లకి రీడింగులకు నిండుగా వేసి, లెక్కకూ జవాబుకూ కోసేశారు. గట్టెక్కింది, అంతే. చెట్టు నీడలో కోణాలు వండినవాళ్ళకు ఆమెకంటే ఎక్కువే పడ్డాయి. జవాబు సరిపోయిన కాగితానికి మార్కు కొయ్యడానికి మా దగ్గర రూలు లేదు. ఇద్దరం సంతకాలు పెట్టాం.

స్టేషనుకి బయల్దేరేసరికి పిల్ల గేటు దగ్గరే ఉంది. కళ్ళు వాచిపోయాయి. చేతిలో ఆ రూమ్మేటు క్యాలిక్యులేటరే ఉంది.

"సైన్ ముప్పై కొట్టు," అన్నాను.

కొట్టింది. మైనస్ సున్నా పాయింటు తొమ్మిది ఎనిమిది ఎనిమిది. కాసేపు తెరకేసి చూసి, "అయ్యో," అంది.

"ఇకనుంచి ఎవరి క్యాలిక్యులేటరైనా సరే, చేతికి రాగానే ముందు ఇది కొట్టు. అర రాకపోతే ముట్టుకోకు. సరేగానీ, ట్యాంకు ఇరవై ఒకటని నీకు తెలియదా?"

"తెలుసండీ. మావాళ్ళు చెప్పారండీ. మార్చెయ్యవే అని నవ్వారండీ."

"మరి మార్చలేదేం?"

"నాకొచ్చింది అదే కదండీ," అంది, అందులో అడగడానికేముంది అన్నట్టు.

వాచీ చూసుకున్నాను. అప్పటికే పాసింజరు వేళవుతోంది.

"మేడమ్, నాన్న రేపొస్తానన్నారండీ. ట్రంకుపెట్టె సర్దుకోనాండీ?"

మార్కులు బయటికి చెప్పకూడదు. నా సర్వీసులో ఎవరికీ చెప్పలేదు.

"బట్టలు సెలవులకి సరిపోయేన్ని సర్దుకో," అన్నాను. "పుస్తకాలు హాస్టల్లోనే ఉంచు."