రెండో నంబరా, ఐదో నంబరా

షహనాజ్ బీకాం పాసై, గోదావరిఖని శివార్లలో లింగమూర్తి నడిపే పంపుల రిపేరు షెడ్డులో చేరి నాలుగేళ్లు దాటింది. షెడ్డులో మెకానిక్కులు ఆరుగురు; ఆఫీసు పని చూసేది మాత్రం ఆమె ఒక్కతే. ఓపెన్‌కాస్టు గనిలో మట్టి తవ్వే ఒక ప్రైవేటు కంపెనీ నుంచి వాళ్లకు పని వచ్చేది. గని అడుగున చేరే నీళ్లు తోడే పంపులు చెడిపోతే బాగుచేసి పంపాలి.

2012 మే నెలలో కాయితాలు ఇవ్వడానికి ఆ కంపెనీ ఆఫీసుకు వెళ్లింది. వరండాలో ఇంజనీరు రఘుపతి ఎదురయ్యాడు. నడుస్తూనే చెప్పాడు: "చిన్న పంపు ముందు పంపుండ్రి. పెద్దది నెలాఖరుకు ఇచ్చినా నడుస్తది."

వర్క్ ఆర్డర్‌లో పెద్ద పంపు గడువు ఇరవయ్యో తేదీ. అయినా సారే చెప్పాడు కదా అని ఆమె లింగమూర్తికి అదే చెప్పింది. అందరూ చిన్న పంపు మీద పడ్డారు.

ఇరవై నాలుగున అకాల వాన కొట్టింది. గని అడుగున నీళ్లు నిలిచి రెండు రోజులు పని ఆగిపోయింది. మూడో రోజు షెడ్డుకు హెచ్చరిక లేఖ వచ్చింది: పెద్ద పంపు గడువు దాటింది, మరోసారి ఇలా జరిగితే మీ పేరు మా కాంట్రాక్టర్ల జాబితాలో ఉండదు.

షహనాజ్ ఆటో ఎక్కి నేరుగా రఘుపతి దగ్గరికి వెళ్లింది.

"సార్, నెలాఖరుకు ఇచ్చినా నడుస్తదని మీరే అన్నరు గదా."

"నేనా? ఎప్పుడన్న? నాకైతే యాదికి లేదమ్మా," అన్నాడు ఫైలు మీంచి తలెత్తకుండా.

లింగమూర్తి ఆమెను తిట్టలేదు. "కాయితం ఏది బిడ్డా?" అని ఒక్క మాట అడిగాడు. అంతకన్నా తిట్టి ఉంటేనే బాగుండేదని ఆమెకనిపించింది. జరిగింది జరిగినట్టు రాసి కంపెనీకి జవాబు పంపింది. "ఆధారం లేదు" అని తిరుగు జవాబు వచ్చింది. వారం రోజులు ఆమెకు అన్నం సయించలేదు. అబద్ధమాడింది తను కాదు, అయినా అందరి ముందూ తలవంచుకున్నది తనే.

జూలైలో రఘుపతి ఫోన్ చేశాడు. ఆయన చెబుతుంటే ఆమె కాయితం మీద రాసుకుంది. ఫోన్ పెట్టగానే అదంతా ఆయనకే మెయిల్ చేద్దామని కంప్యూటర్ ముందు కూర్చుంది.

"సారుకు కోపమొస్తదేమో," అన్నాడు లింగమూర్తి.

"రానీ కాకా. మల్ల నోటి మాట మీద నేను మాట పడ."

ఎవరినీ తప్పుపట్టకుండా, నాలుగు వాక్యాల్లో మెయిల్ రాసింది: 'ఈ రోజు ఉదయం పదకొండు గంటలకు మీరు ఫోన్లో చెప్పిన ప్రకారం, రెండో నంబరు పంపు ముందుగా బాగుచేసి పన్నెండో తేదీకి పంపుతాం. ఐదో నంబరు పంపు గడువు ఇరవై రెండుకు మారింది. ఇందులో ఏదైనా తేడా ఉంటే రేపు ఉదయం పదింటిలోగా తెలపండి. ఆ తర్వాత ఇదే ప్రకారం పని మొదలుపెడతాం.' వర్క్ ఆర్డర్ మీద ఉన్న కంపెనీ స్టోర్స్ విభాగం అడ్రసుకు కూడా కాపీ పెట్టింది.

అరగంటలో ఫోన్ మోగింది.

"ఏందమ్మా ఇది? ఫోన్ల చెప్తే సాలదా? స్టోర్సుకు కాపీ ఎందుకు?"

"ఆర్డర్ల తారీకు మారుతుంది గద సార్, వాళ్లకూ తెల్వాలె. నంబర్ల తప్పు పోవద్దని రాసిన."

రఘుపతి మెయిల్ చదువుకుంటున్నట్టుంది. తర్వాత, "తప్పే రాసినవ్. ఐదు ముందు, రెండు ఆగుతది. నేను ఐదనే చెప్పిన," అన్నాడు.

ఆమె ముందున్న కాయితం మీద 'రెండు ముందు' అనే ఉంది. ఒళ్లు మండిపోయింది. వాదించి లాభం లేదని తెలుసు.

"అట్లయితే గా ముక్కే జవాబుల రాయుండ్రి సార్. పనోల్లకు చూపెడత."

సాయంత్రానికి ఒక్క లైను వచ్చింది: 'ఐదు పన్నెండుకు, రెండు ఇరవై రెండుకు.' రెండు మెయిళ్లూ ప్రింటు తీసి పంపుల ఫైలులో పెట్టింది. మెకానిక్కులు తెల్లారి ఐదో నంబరే విప్పారు. చెప్పిన తేదీకి అది గనికి చేరింది, తర్వాత రెండోదీ చేరింది. ఎవరూ ఏ లేఖా రాయలేదు.

కానీ ఆమెను ఒక ఆలోచన వదల్లేదు. మే నెలలో వరండాలో కూడా ఆయన ఒకటి చెప్పి మరొకటి చెప్పాననుకున్నాడా? లేక తనే తప్పు విన్నదా? ఆ రోజే నాలుగు వాక్యాలు రాసి ఉంటే గంటలో తేలిపోయేది. ఇప్పుడు ఎవరిని అడిగినా తేలదు.

ఆ హెచ్చరిక వెనక్కి తీసుకోమని ఆగస్టులో కంపెనీకి రాసింది. రికార్డులో ఉన్నది మార్చడం కుదరదన్నారు. రఘుపతి ఆమె ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆమె ఏదైనా పని మీద ఆఫీసుకు వెళ్తే, "మెయిల్ పెట్టమను," అని ప్యూనుతో చెప్పించేవాడు. ఆమె పెట్టేది. ఒక్కోసారి రెండు రోజులకు గాని జవాబు వచ్చేది కాదు, ఆ రెండు రోజులూ విప్పిన పంపు విప్పినట్టే షెడ్డులో పడి ఉండేది. మెకానిక్కులు వచ్చి, "అక్కా, ఏం చెయ్యాలె?" అని అడిగితే, "రాతల రాలేదు, ఆగుండ్రి," అనేది. ఆ మాట అనాల్సి వచ్చినప్పుడల్లా ఆమెకు రఘుపతి మీద ఎంత కోపమో, రాత కావాలని పట్టుబట్టినందుకు తన మీద తనకూ అంతే కోపం వచ్చేది.