కాళ్లకు ఒక్క బుధవారం

పుంగనూరులో బట్టల కొట్టు నడిపే మా అక్కకు మేడమీది గోదాముకు మెట్లెక్కడం కష్టమైంది. గోడ పట్టుకోకుండా ఎక్కాలన్న పట్టుదలతో జిమ్‌లో చేరింది. కొట్టు వదిలి రాగలిగేది సోమ, బుధ, శుక్రవారాలే.

కోచ్ మొదటిరోజే చెప్పింది. “మూడు దినాలే గదమ్మా, వచ్చినప్పుడల్లా ఒళ్లంతటికీ కసరత్తు చేయండి. కాళ్లకీ, ఎదకీ, వీపుకీ ఒక్కొక్కటి సాలు. ఒక దినం తప్పినా కాళ్లకి ఇంకో రెండు దినాలుంటాయి.”

అక్కకు నచ్చలేదు. కుప్పంలో మా వదిన ఒకరోజు ఒంటి పైభాగం, ఒకరోజు కాళ్లు చేసి గట్టిపడింది. ఆమె వెళ్లేది వారానికి నాలుగు రోజులని, అందుకే కాళ్లకు రెండుసార్లు పడుతుందని నేనెంత చెప్పినా అక్క వినలేదు. సోమ, శుక్రవారాలు పైభాగానికిచ్చి, కాళ్లకు బుధవారం మిగిల్చింది.

కొట్టుకు సరుకు దిగేది బుధవారమే. ఆ రోజు జిమ్ తరచూ తప్పేది.

“శుక్రవారం కాళ్లు చేయొచ్చు గదక్కా?”

“శుక్రవారం సేతులదిరా. వరస తప్పించేది యాల?”

“శనివారం ఒక్కపొద్దు మాదిరి దీనికీ ఒక దేవుడుండాడా?”

“నీ నాస్తికం నా కాళ్లమీద సూపించొద్దప్పా!”

ఇద్దరం నవ్వుకున్నాం. చేతులకు బలం వచ్చింది, బట్టల మూట అవలీలగా ఎత్తేది. మెట్ల దగ్గర మాత్రం ఆగిపోయేది. కొన్ని నెలలకు “నా కాళ్లింతే” అని జిమ్ మానేసింది. ఆ కాళ్లకు నిజానికి అవకాశమే దొరకలేదు.

మొన్న నేనుండే మదనపల్లె నుంచి వెళ్లి చూస్తే గోదాము కిందికి దిగింది. మేడకు తాళం.

“ఈడే బాగుండాదిలేరా” అంది అక్క. ఆ మాటలో నిరాశ కూడా లేదు. నాకదే ఎక్కువ బాధ.