ఖాళీగా ఉంచిన రెండో స్లాటు

మా ఆయన పోయి ఏడాది దాటినా, సాయంత్రం ఆరుంపావుకి నా చెవులు వీధివైపే ఉండేవి. మలుపు దగ్గర స్కూటరు గేరు మారిన చప్పుడు, గేటు గడియ తీసిన చప్పుడు, ఆ రెంటి మధ్యా ఒక దగ్గు. బాపట్లలో స్కూటర్లకేం కరువు? ఏదో ఒకటి ఆ వేళకి రాకపోదు. వచ్చిన ప్రతిసారీ నా చెయ్యి దానంతటదే రెండో గ్లాసు తీసేది. తీశాక ఛీ అనుకుని మళ్ళీ లోపల పెట్టేదాన్ని. పిల్లలకి పద్యాలు, ప్రతిపదార్థాలు చెప్పే తెలుగు టీచర్ని, నాకా మాత్రం బుద్ధి లేదా అంటే, ఆ వేళకి లేదు మరి.

డాబా మీదికి వెళ్ళడం ఇంకా కష్టంగా ఉండేది. ఇల్లు కట్టించినప్పుడు ఆయన కింద మూడు గదులే వేయించి, పైన పిల్లర్ల ఊచలు నడుమెత్తున వదిలించారు. "పాప ఇంటర్‌కొచ్చేసరికి పైన గది వేద్దామే. ఊచలుంటే పని తేలిక" అన్నారు. మా వైపు ఏ డాబా చూసినా అంతే, సగం ఇల్లు కింద ఉంటుంది, సగం ఇల్లు ఆశలో ఉంటుంది. స్లాబు వేసిన పది నెలలకి ఆఫీసులో కుర్చీలోంచి లేస్తూ లేస్తూ కూలిపోయారు. ఊచలు మాత్రం అలాగే నిలబడ్డాయి. వానలకి తుప్పు కారి పిట్టగోడ మీద ఎర్రటి చారలు పడ్డాయి. సముద్రపు గాలి తిరిగినప్పుడు ఊచలకి కట్టిన బట్టల తీగ సన్నగా మోగేది. పైన ఎవరో పని మొదలెట్టారనిపించేది. పట్టపగలు వంటింట్లోంచి "ఎవరండీ పైన?" అని ఎన్నిసార్లు కేకేశానో నాకే తెలియదు. పాప వినేది.

అప్పట్నించీ 'తర్వాత' అనే మాట వింటే నాకు ఒళ్ళుమంట. తర్వాత చేద్దాం, తర్వాత చూద్దాం అన్న మనిషి ఏమయ్యాడో నాకు తెలుసు. అందుకని ఏదైనా అప్పటికప్పుడే చేసేసేదాన్ని. పాప తొమ్మిదో తరగతిలో ఉండగానే పదో తరగతి పుస్తకాలూ, ఇంటర్ పుస్తకాలూ కొనేశాను. చెప్పులు రెండు సైజులు పెద్దవి కొని పెట్టెలో దాచాను. పరికిణీలకి మడతలు వేయించి, ఎప్పటికప్పుడు విప్పుకునేలా కుట్టించాను. చూసినవాళ్ళు ఎంత ముందుచూపో అనేవారు. ముందుచూపూ కాదు, పాడూ కాదు. భయం. నేనూ అలాగే ఏ క్లాసులోనో బోర్డు ముందు కూలిపోతే పాప దేనికీ ఎవరి గుమ్మం ముందూ నిలబడకూడదని భయం.

అలాంటి రోజుల్లో కంప్యూటరు అవసరం వచ్చిపడింది. పాప లెక్కల్లో చురుకు. హైదరాబాదు నుంచి ఒక మాష్టారు ఇంటర్నెట్ మీద వారానికి మూడు సాయంత్రాలు క్లాసు చెప్పేవారు. ఆయన రాసేది ఇక్కడ తెర మీద కనిపిస్తుంది, మాట చెవుల్లో వినిపిస్తుంది, సందేహముంటే మైకులో అడగచ్చు. అప్పట్లో అదొక వింత. పాప మొదట్లో స్టేషను దగ్గరి నెట్ సెంటరుకెళ్ళి వినేది. పక్క గదుల్లో ఆటల గోల, మైకు సగం పనిచేయదు, చుట్టూ పరదాలు. ఒకరోజు వెళ్ళి చూసి, ఇక అక్కడ కాలు పెట్టడానికి వీల్లేదన్నాను. స్కూల్లో కంప్యూటరుకి సీ భాషలో ప్రోగ్రాములు రాయించడం కూడా మొదలెట్టారు. కాగితం మీద రాసుకొచ్చి, అది నడుస్తుందో లేదో తెలియక కూర్చునేది. మాష్టారి క్లాసులో వచ్చే వారం నుంచి కొత్త పాఠాలు. ఇంట్లో కంప్యూటరు లేకపోతే క్లాసు వదులుకోవాల్సిందే. పాప ఆ మాట అనలేదుగానీ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

రేపల్లెలో మా మరిది ఇంటర్ పిల్లలకి కంప్యూటర్లు చెప్పేవాడు. ఫోన్ చేస్తే, "రాసుకో వదినా" అని వరసగా చెప్పాడు. దాని మెదడు, అదే ప్రాసెసరు, రెండు కోర్లది చాలు, కానీ అన్నీ గుచ్చే బోర్డు మాత్రం రేపు నాలుగు కోర్లది పెట్టినా తీసుకునేదై ఉండాలి. పని నడిచేటప్పుడు జ్ఞాపకానికి వాడే ర్యామ్ ఒక జీబీది ఒకే ముక్క వేయించాలి, అర జీబీవి రెండు వేస్తే దాన్ని గుచ్చే సందులు, అదే రెండు స్లాట్లూ నిండిపోతాయి, పెంచాలంటే ఉన్నవి పీకి పారేయాలి. సన్నగా, ముద్దుగా ఉండే బుల్లి డబ్బా వద్దు. లోపలికి కరెంటు సరఫరా చేసే ఎస్ఎంపీఎస్ దాని కొలతకే ప్రత్యేకంగా ఉంటుంది, కాలిపోతే మన ఊళ్ళలో దొరకదు. పెద్ద డబ్బా, మంచి ఎస్ఎంపీఎస్, కరెంటు పోయినా కాసేపు నడిపే యూపీఎస్ తీసుకోవాలి.

"ఇంజనీరింగుకి కూడా ఇదే సరిపోవాలయ్యా" అన్నాను.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని! ముందు తొమ్మిది గట్టెక్కనీ వదినా. తర్వాత పెంచుకోవచ్చు, దారి ఉంచుకుంటే చాలు."

మళ్ళీ ఆ మాటే, తర్వాత. ఠక్కున ఫోన్ పెట్టేశాను.

ఆదివారం పొద్దున ప్యాసింజరు బండెక్కి ఇద్దరం తెనాలి వెళ్ళాం. పాప కిటికీ దగ్గర కూర్చుంది. నా పక్కన ఖాళీ ఉంటే నిడుబ్రోలులో ఎక్కినాయన "ఇక్కడెవరన్నా ఉన్నారా అమ్మా?" అని అడిగాడు. ఉన్నారండీ అని నా నోట్లోంచి వచ్చేసింది. పాప నావైపు చూసి, "లేరండీ, కూర్చోండి" అంది. తెనాలి దాకా నేను తలెత్తలేదు.

విడిభాగాలతో కంప్యూటర్లు కట్టిచ్చే షాపు ఒక మేడ మీద, ఇరుకు మెట్లు. నడివయసు మనిషి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, విప్పిన డబ్బాల మధ్య కూర్చునున్నాడు. మరిది చెప్పినవి రాసుకున్న చీటీ పాప చేతిలోంచి తీసుకుని చదివాడు.

"ఎవరో తెలిసినవాళ్ళే రాశారమ్మా. ఇలాగే కడతాను. సాయంత్రానికి సిద్ధం."

"అలా వద్దండీ. నాలుగు కోర్లది వేయండి. ర్యామ్ ఎంత పడితే అంత వేసి రెండు స్లాట్లూ నింపండి. గ్రాఫిక్స్ కార్డు కూడా పెట్టండి. దాంట్లో ఒక్క ఖాళీ కూడా ఉండకూడదు."

"చీటీలో అలా లేదేంటి మరి?"

"చీటీ చెప్పింది మా మరిది. కొనేది నేను."

ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. ఒక డబ్బా పక్క రేకు విప్పి చూపించాడు. "పాప వినేది లెక్కల క్లాసు, రాసేది సీ ప్రోగ్రాములు. వాటికి ఆటలాడేవాళ్ళు పెట్టుకునే ఈ కార్డెందుకండీ? బోర్డులో ఉన్న గ్రాఫిక్సే ఎక్కువ. క్లాసు ఆగకుండా రావాలంటే నెట్టు బాగుండాలి, చెవులకి పెట్టుకునే మైకు బాగుండాలి. ర్యామ్ నాలుగు జీబీ వేసినా నేనిప్పుడు ఎక్కించే విండోస్ మూడు జీబీ చిల్లరే వాడుకుంటుంది. పైగా ఇవన్నీ పెడితే వేడి, కరెంటు. మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ ఎంతసేపాగుతుంది? పాఠం సగంలో పోద్ది."

"తర్వాత కొందామంటే ఈ రకం దొరకాలిగా?"

"మంచి మాట అడిగారు. కొత్త రకం ర్యామ్ వస్తోంది, ఈ బోర్డులో అది పట్టదు. మూడు నాలుగేళ్ళు మాత్రం ఈ పాతది దొరుకుద్ది. ఎప్పటికీ దొరుకుద్దని ఎవరన్నా అంటే నమ్మకండి." అక్కడితో ఆపితే బాగుండేది. నన్ను ఒప్పించాలని, పాపం, ఇంకో మాట అన్నాడు. "మనం డాబా వేసేటప్పుడు రేపు పై అంతస్తుకని ఊచలు పైకి వదలమా అమ్మా? ఇదీ అంతే. ఖాళీ స్లాటంటే ఊచలు వదిలినట్టు."

నా వెనకాల ఎవరో దగ్గారు. దగ్గలేదని నాకిప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం వీపు మీద ఆ దగ్గు తగిలింది, ఇంటర్‌కొచ్చేసరికి వేద్దామే అన్న మాటా తగిలింది.

"ఊచల మాట ఎత్తకండి! వదిలినవాళ్ళు బానే వదుల్తారు. తుప్పు పట్టేది ఎవరి నెత్తిమీద? నింపి ఇస్తే ఇవ్వండి, లేకపోతే తెనాల్లో మీదొక్కటే షాపు కాదు." కుర్చీ వెనక్కి పడిపోయినా చూడకుండా లేచాను. నేను విసవిసా మెట్ల దగ్గరికొచ్చేశాను.

పాప వెనకే వచ్చింది. రెండు మెట్లు కిందికి దిగి, నా ఎదురుగా నిలబడింది. పద్నాలుగేళ్ళ పిల్ల. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అమ్మా, ఒకటడుగుతాను, కొట్టవుగా?"

"ఏంటి?"

"ఇంటర్ పుస్తకాలు కొనేశావు. చెప్పులు కొనేశావు. ఇప్పుడు ఇంజనీరింగు కంప్యూటరు. నువ్వెప్పుడు చచ్చిపోతానని అనుకుంటున్నావు?"

చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి అలాగే గోడకానించాను. మెట్లెక్కుతున్న ఒకావిడ మమ్మల్ని తప్పించుకుని పైకి వెళ్ళింది. కింద ఆటోలు, బస్సులు, అరటిగెలల బండ్లు. అంత రొదలోనూ నాకు పాప ఊపిరి వినపడింది.

"ఆ పెట్టె తీసి చూసినప్పుడల్లా నాకు భయమేస్తది" అంది. "ఆ చెప్పులు నాకు పట్టే రోజుకి నువ్వుండవేమోనని. పెద్దవి చూస్తే ఏడుపొస్తది. నాకు అన్నీ ఉన్న కంప్యూటరొద్దమ్మా."

నా భయం నేను గుట్టుగా దాచుకున్నాననుకున్నాను. దాచుకోలేదు, బిడ్డ పెట్టెలో మడతపెట్టి ఇచ్చాను. పోయినాయన ఒక్కసారే పోయాడు. నేను బతికుండగానే ఏడాదిగా రోజూ పోతూ కనిపించాను. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పాప నా పక్కన కూర్చుని చున్నీ ఇచ్చింది.

లోపలికి వెళ్ళేసరికి షాపాయన పడ్డ కుర్చీ సర్దిపెట్టి, మంచినీళ్ళు తెప్పించి ఉంచాడు. "తప్పేమన్నా మాట్లాడుంటే క్షమించండమ్మా" అన్నాడు.

"మీరు కాదండీ, నేనే" అన్నాను. "చీటీలో ఉన్నట్టే కట్టండి."

సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం. ప్రాసెసరు బోర్డులో కూర్చోబెట్టడం, ఫ్యాను బిగించడం, ర్యామ్ ముక్క రెండు వైపులా నొక్కితే టక్కుమని కూర్చోవడం పాప కళ్ళార్పకుండా చూసింది. యూపీఎస్ మీద పెట్టి, ప్లగ్గు పీకి, ఆరిపోకుండా నిలబడటం కూడా చూపించాడు. ఆఖరున రేకు మూయబోతూ పాపని పిలిచి, పెట్టిన ర్యామ్ పక్కనే నల్లటి సందు చూపించాడు.

"ఇదేనమ్మా రెండోది. పెంచాలనిపించినప్పుడు ఈ డబ్బా తీసుకురండి. అప్పుడు ఎవరొస్తారు, మీ మరిదిగారా?"

"కాదండీ" అన్నాను. "పాప ఇంటర్ అయ్యాక నేనే తీసుకొస్తాను."

పైకి అనడమైతే అనేశాను గానీ, నిలబెట్టుకోగలనో లేదో తెలియని మాటిచ్చాననిపించింది. పాప ఆ నల్లటి సందు చూడటం మానేసి, నా మొహంలోకే చూసింది.

"నువ్వే రావాలి" అంది.