బడేబీ దొడ్డికి తలుపు లేదు

మండీబజారు వెనుక సందులో, మా అద్దె ఇంటికి ఎదురుగా, పాతిక బండ్లు పట్టే దొడ్డి ఒకటుండేది. దాని యజమానురాలు బడేబీ. భర్త పోయిన తరువాత ఆమెకు మిగిలినవి రెండు గదుల పెంకుటిల్లు, ఇంటి వెనుక బావి, బావిని ఆనుకొని నిలువెత్తు ప్రహరీ గల ఆ ఖాళీ జాగా మాత్రమే. ఊళ్ళ నుంచి పల్లికాయ, ఆముదాలు, పత్తి తెచ్చే రైతులు సాయంత్రానికి వచ్చి, ఆ దొడ్డిలో బండ్లు విడిచి, తెల్లవారి మండీకి పోయేవారు. బండికి ఇంతని కిరాయి. ఎడ్లు వేసిన పేడ దొడ్డి యజమానిది. అది కాగితం మీద రాయని కట్టుబాటు. ఆ పేడనే ఆమె పిడకలు చేసి గోడకు కొట్టి, ఎండినవాటిని హోటళ్ళకు అమ్ముకొనేది.

దొడ్డి అనే మాట వినగానే ముక్కు చిట్లించే పెద్దమనుషులు మా వీధిలో ఉండేవారు. మాటకు మర్యాద తెచ్చేది దాన్ని పలికేవారి నడవడి అని నేను నా విద్యార్థులకు ఏళ్ళ తరబడి చెప్పాను. ఎంతమందికి ఎక్కిందో తెలియదు. పేడ కంపు కొడుతున్నదని బడేబీ మీద విసుక్కొన్న ఆ పెద్దమనుషులే, చలికాలం వస్తే ఆమె పిడకల కోసం మనిషిని పంపేవారు. తలచుకొంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది అడ్తి రాజలింగం ఆమె వద్దకు వచ్చాడు. అడ్తి అంటే రైతు సరుకును తన దుకాణంలో కాంటా పెట్టించి, కొనేవారికి అమ్మించి, నడుమ కమీషను తీసుకొనే వ్యాపారం. ఏ అడ్తికి సరుకు వేయాలన్నది రైతు ఇష్టం. రాజలింగానికి ఆ ఇష్టమే కంట్లో నలుసు.

"బడేబీ, మోకాళ్ళ నొప్పులతోని పొద్దుగాల్నే లేచి తలుపు తీసుడు, బండి బండికి చెయ్యి చాపుడు నీకెందుకు? దొడ్డి నాకియ్యి. నెల తిరిగే లోపల కిరాయి నీ ఇంటికొస్తది. పేడ నీదే" అన్నాడు.

ఆమె మోకాళ్ళు నిజంగానే నొచ్చేవి. ఒప్పుకొని, తాళంచెవి చేతిలో పెట్టింది.

మొదటి నెల అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది. తరువాత దొంగల భయమని పేరు పెట్టి రాజలింగం మనిషి చీకటి పడగానే తలుపుకు తాళం వేయసాగాడు. పొద్దున అతడు తాళం తీసే సరికి గుమ్మం ముందు రాజలింగం హమాలీలు నిలబడి ఉండేవారు. బండి బయటికి రావడమంటే నేరుగా ఆ దుకాణానికి పోవడమే. కాదన్న రైతు బండి లోపలే ఉండిపోయేది; మండీలో బేరాలు ముగిసి, ధర దిగిన తరువాత గాని విడుదల ఉండేది కాదు.

ఈ సంగతి బడేబీకి యాకయ్య వల్ల తెలిసింది. యాకయ్యది ధర్మసాగర్. ఆమె భర్త బతికి ఉన్న కాలం నుంచి బండి ఆ దొడ్డిలోనే విడిచేవాడు. ఆనాడు ఖాళీ బండి తోలుకొని ఆమె గడప ముందుకు వచ్చి ఆగాడు. ముఖం మాడిపోయి ఉంది.

"ఏం యాకయ్యా, పల్లికాయ మంచిగ పోయిందా?"

"పోయిందక్కా, మట్టిలెక్క పోయింది. అవుతల అడ్తాయన మంచి ధర చెప్పిండు. మీ తాళపాయన తలుపు తియ్యకపాయె. ఆకరికి రాజలింగం దుకాణంలనే ఏసిన."

"మావోడెవడు? నేను తాళమెయ్యమన్ననా?"

"నాకేం ఎరుక? నేను రాజలింగం దొడ్డని రాలే. నీ దొడ్డని వచ్చిన."

అంతే అన్నాడు, ఎడ్లను అదిలించి వెళ్ళిపోయాడు. బడేబీ అన్నేళ్ళుగా కూడబెట్టుకొన్నది ఏదైనా ఉంటే, తన జాగాలో బండి విడిచినవాడు నిశ్చింతగా పడుకొంటాడన్న పేరొక్కటే. దానికిప్పుడు తాళం పడింది.

పేడ చేతులు కడుక్కోకుండానే ఆమె దుకాణానికి నడిచింది. నేను వెంట పోయాను. ఆపడానికి కాదు, చూడడానికి.

"నేను కిరాయికిచ్చింది జాగ. మనుషుల్ని ఇయ్యలే. తాళం తియ్యి" అన్నది, దుకాణంలో పరిచిన దూదిమెత్త మీద కూర్చున్న రాజలింగంతో.

"కిరాయి కట్టినంక నా ఇష్టం. తాళమేసుకుంట, గొళ్ళెం పెట్టుకుంట. పెద్దమనిషివి, ఇంట్ల కూసో. జాగ అడిగిన, ఇచ్చినవు, అయిపోయింది."

"అయిపోయిందా?"

"అయిపోయింది."

చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఆమె వెనుదిరిగింది. నోరు పెద్దదని పేరున్న మనిషి మౌనంగా నడుస్తుంటే నాకు భయం వేసింది.

దొడ్డిలో బావి లేదు. బావి ఇంటివైపు, నడిమి గోడకు ఇవతల ఉంది. బడేబీ గిరక మీద నీళ్ళు చేది, గోడలోని తూములో పోస్తే, అవి అవతలి రాతితొట్టిలో పడేవి. ప్రయాణం చేసి వచ్చిన ఎడ్లు మొట్టమొదట కోరేది ఆ తొట్టినే. ఎన్నడూ కాడి విప్పి ఎరుగని రాజలింగానికి తొట్టిలో నీళ్ళు వర్షంలాగా వాటంతట అవే వస్తాయనుకొన్నట్టుంది. బడేబీ ఆ తూమును గుడ్డపేలికలు కుక్కి, బంకమట్టితో పూడ్చింది. దొడ్డి బయట, సందువైపు గోడ పొడుగునా, ఇంట్లో నీళ్ళు పట్టే పెద్ద మట్టి గోళేలన్నీ తెచ్చి వరుసగా పెట్టి నింపింది.

తొట్టిలో మిగిలిన నీళ్ళు రాత్రికే అయిపోయి, మరునాటి ఉదయం లోపలి ఎడ్లు అరుపులు మొదలుపెట్టాయి. తాళపు మనిషి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, తొట్టిల నీళ్ళు లెవ్వు!"

"బయట ఉన్నయి. తోలుకరా. నోరులేని జీవాలను నేనెందుకు ఎండబెడత?"

తలుపు తీయక తప్పలేదు. అయితే రైతులు ఎడ్లను ఒట్టిగా తోలుకొని రాలేదు. బండ్లు కట్టుకొని మరీ వచ్చారు. నీళ్ళు తాగించి, ఎవరికి నచ్చిన అడ్తికి వారు వెళ్ళారు. హమాలీలు చూస్తూ ఉండిపోయారు. సాయంత్రం వచ్చిన బండ్లు లోపలికి పోనే లేదు. గోళేల పక్కన గోడ వెంబడి ఆగాయి. రాజలింగం మనుషులు రెండు రోజులు కావళ్ళతో తొట్టి నింపి చూశారు. అన్ని జతల ఎడ్ల దప్పికకు వారి భుజాలు చాలలేదు.

మూడో నాడు రాజలింగమే వచ్చాడు.

"నీళ్ళు లేని జాగ ఎవనికి కావాలె? మోసం చేస్తానవ్!"

"జాగ అడిగినవు, ఇచ్చిన. నీళ్ళడిగినవా? నోరు తెరిచి ఒక్కమాట అడిగినవా? అయిపోయిందంటివి గద. అయిపోయింది!"

ఆ కేక సందు చివరి వరకు వినిపించింది. దుకాణంలో మింగిన కోపమంతా ఆమె అప్పుడు కక్కింది: వాడి తూకాన్ని, వాడి మెత్తను, నవ్విన ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి తిట్టింది. రాజలింగం తాళంచెవిని నేల మీద విసిరికొట్టి పోయాడు. ఆమె దాన్ని తీసి బావిలో పడేసింది.

ఇక్కడితో అంతా చక్కబడిందని రాస్తే అబద్ధమవుతుంది. యాకయ్యకు పోయిన ధర తిరిగి రాలేదు. తూము పూడిక అట్లాగే ఉండగా, ఆ పంటకాలమంతా అతడు, మిగతా రైతుల లాగే, బండిని గోడ బయట గోళేల పక్కనే ఆపాడు. గుమ్మం వంక చూసేవాడు గాని దాటేవాడు కాదు. బడేబీ పిలవలేదు. పిలిస్తే గాని అతడు లోపలికి రాని స్థితి వచ్చినందుకే ఆమెకు ఎక్కువ మంట.

ఒక ఉదయం వడ్రంగం చేసే వడ్లాయనను పిలిపించి, గుమ్మానికున్న రెండు తలుపు రెక్కలనూ ఊడదీయించింది. వాటిని ప్రహరీకి చేరగిలబెట్టి, వాటి మీద కూడా పిడకలు కొట్టింది. ఆ సాయంత్రం యాకయ్య బండి గుమ్మం ముందు ఆగింది.

"తలుపేదక్కా?"

"అగో, గోడకు. మళ్ళ ఎవడన్న తాళం అంటే, వాని మూతికి గూడ గట్లనే కొడత."

యాకయ్య నవ్వలేదు. ఎడ్ల పగ్గం లాగి, తలుపు లేని గుమ్మంలోంచి బండిని లోపలికి తిప్పాడు. బడేబీ చీర కొంగు బిగించి, తూములో తాను పూడ్చిన మట్టిని పొడిచి తీయడానికి గునపం కోసం వెళ్ళింది.