సంబంధం లేని సంభాషణ

ప్రొద్దుటూరులో దస్తావేజులు రాసే ఒక పెద్దాయన దగ్గర నేను పదకొండేళ్లు టైపు చేశాను. అక్కడ నేర్చుకున్నది ఒక్కటే, పనికొచ్చే మాట తప్ప ఇంకేదీ కాగితం మీదికి రాకూడదు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ మా బెంచీ మీద కూర్చుని పొద్దంతా ఏడ్చుకున్నా, పోట్లాడుకున్నా, మధ్యలో పెండ్లి సంబంధాలు కుదుర్చుకున్నా, నా కాగితంలో మాత్రం విస్తీర్ణం, నాలుగు హద్దుల చెక్కుబందీ. తూర్పున ఫలానావాళ్ల ఇల్లు, పడమర ఫలానా వీధి, అంతే. దస్తావేజులో ఎవరి దగ్గూ ఎక్కదు. ఈ విషయంలో నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

అందుకే కడపలో కాలేజీ పాఠాలు చెప్పే ఒక మేడం, రికార్డింగులు విని టైపు చేసే పని ఇస్తానంటే ఎగిరి గంతేశాను. రిజర్వాయరులో మునిగిపోయిన ఊళ్ల మీద ఆమె పుస్తకం వేస్తోంది. కొండాపురం వైపు పునరావాస కాలనీల్లో ముసలివాళ్లతో మాట్లాడి, రికార్డు చేసి నాకు పంపేది. "విషయానికి సంబంధించింది ఉంచండి, మిగతాది తీసేయండి" అని చెప్పింది. తీసేయడమా! కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టయింది.

నాలుగు రికార్డింగులు బాగానే నడిచాయి. ఐదోది ఒక అవ్వది, దగ్గర దగ్గర రెండు గంటలు. మేడం "మీ ఊరు ఎట్లుండేదవ్వా?" అని అడుగుతుంది. అవ్వ మాట్లాడదు. చాలాసేపటికి "బాగుండేది" అంటుంది. ఇంతలో మేక ఏదో తింటుంది, దాన్ని తిడుతుంది. పక్కింటామె జల్లెడ కోసం వస్తుంది, ఇద్దరూ జల్లెడ ఎవరింట్లో ఉందో అరగంట విచారిస్తారు. కోడలు పెట్టిన కూరలో ఉప్పు మీద ఇంకో పావుగంట. మళ్లీ మేక. నేను కత్తెర వేసుకుంటూ పోయాను. జల్లెడ పోయిన చోట బ్రాకెట్లో "సంబంధం లేని సంభాషణ" అని పెట్టాను, మేక పోయిన చోటా అదే. మౌనాలకు అది కూడా పెట్టలేదు. రెండు గంటలు పేజీంబావు అయింది. నా పనితనానికి నేనే మురిసిపోయి ఒక టీ పెట్టుకుని తాగాను.

మరుసటి రోజు మేడం ఫోను చేసింది.

"ఇందులో ఏమీ లేదండీ. బాగుండేది, పోయింది, అంతే కదా ఆమె చెప్పింది. ఈమెను పుస్తకంలోంచి తీసేద్దాం. సోమవారం ప్రెస్సుకు ఇచ్చేయాలి."

"ఆ ఊరి నుంచి ఇంకెవరైనా ఉన్నారా మేడం?"

"లేరు. ఆ ఊరి మట్టుకు ఈమె ఒక్కతే ఒప్పుకుంది."

ఫోను పెట్టేశాక అర్థమైంది. ఊరు ఒకసారి నీళ్లలో మునిగింది, రెండోసారి నా చేతిలో మునుగుతోంది. సిగ్గేసింది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మొదటి నుంచి మళ్లీ విన్నాను, ఈసారి నేను కోసేసినవే.

పక్కింటామె వచ్చింది.

"ఒదినా, జల్లెడ యాడుండాది?"

"రచ్చకట్టకాడి దానికిచ్చినా మే."

"ఆయమ్మ దిగువీధి కోడలికిచ్చిందంట గదా?"

"దిగువీధి కాదు మే. పిండిమిషనుకు పడమరపక్క, చింతచెట్టింటోళ్ల కోడలు. శానా దినాలాయ ఇచ్చి."

నేను రికార్డింగు ఆపేశాను. ఆ కాలనీ నాకు తెలుసు, మా బంధువులున్నారు. అక్కడ రచ్చకట్ట లేదు, పిండిమిషను లేదు, చింతచెట్టు సంగతి సరే, నీడకు మొక్కైనా లేదు. అన్నీ ఒకే రకం ఇళ్లు, గోడల మీద నంబర్లు. లాటరీలో ఎవరికి ఎక్కడ వస్తే అక్కడ. కానీ ఈ ఇద్దరూ మనుషుల్ని ఇప్పటి నంబర్లతో పిలవడం లేదు, మునిగిన ఇంటి గుర్తుతో పిలుస్తున్నారు. పిండిమిషనుకు పడమరపక్క! ఓరి భగవంతుడా, ఇది చెక్కుబందీ! పదకొండేళ్లు నేను తిండి తిన్నదే దీని మీద. దాన్ని పట్టుకుని సంబంధం లేనిదని రాశాను.

ఇక నన్ను ఆపేవాళ్లెవరు? తెల్లకాగితం తీసుకుని, జల్లెడ ఏ ఇంటికి పోతే ఆ ఇల్లు గీసుకుంటూ పోయాను. జల్లెడ మూడు వీధులు తిరిగింది. ఉప్పు గొడవలో ఇంకో వీధి బయటపడింది. మేక పుణ్యమా అని వాళ్ల పాత దొడ్డి ఎటుందో తెలిసింది. గీస్తూ ఒక్కదాన్నే పకపకా నవ్వుకుంటుంటే, మా ఆయన వంటింట్లోంచి తొంగిచూసి "ఏంది, దెయ్యం పట్టిందా?" అన్నాడు. పట్టిందన్నాను.

కాగితం ఫోటో తీసి మేడంకు పంపితే, ఆమె అరుపుకు నా ఫోను చెవి నుంచి జానెడు దూరం పోయింది. తర్వాత నెమ్మదించి అంది: "కానీ ఆ పక్కింటామె సంతకం మన దగ్గర లేదు. ఆమె జల్లెడ కోసం వచ్చింది గానీ ఇంటర్వ్యూకు రాలేదు. ఒప్పుకోకపోతే ఆమె మాట ఒక్కటీ వేయలేం." అవ్వ మాటలొక్కటే ఉంటే సగం ఊరే మిగులుతుంది.

శనివారం పొద్దున్నే జమ్మలమడుగు బస్సెక్కాను. మేడం అక్కడ కలిసింది, ఇద్దరం కలిసి ఆటోలో కాలనీకి పోయాం. అవ్వనూ పక్కింటామెనూ పక్కపక్కన కూర్చోబెట్టి, ఈసారి ఏదీ వదలకుండా టైపు చేసింది చదివి వినిపించాను, ఇళ్లు గీసిన కాగితమూ ముందు పెట్టాను. పక్కింటామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని "నేనేనా ఆ మాట్లాడేది? ఇదంతా పుస్తకంలో ఏస్తారా?" అంది. వేస్తామన్నాను. "అయితే ఏలిముద్ర యాడెయ్యాల? మా ఇల్లు మాత్రం రెండోది కాదు, మూడోది. సరిజెయ్."

కోడలి ఉప్పు దగ్గరికి వచ్చేసరికి అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"అది తీసెయ్ పాపా. నా కోడలు సదవకున్నా ఎవురో ఒకరు సదివి చెప్తారు."

తీసేశాను. అందులో దొరికిన వీధిని మాత్రం ఇద్దరూ మళ్లీ చెప్పారు, ఈసారి ఉప్పు లేకుండా.

తర్వాత ఒక మౌనం వచ్చింది. "నీళ్లొచ్చినాక ఊరు చూడబోయినావా అవ్వా?" అని మేడం అడిగిన చోటు అది. నేను కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివాను: "నలభై సెకండ్లు మౌనం."

"నేను ఊరకుండ్లేదు పాపా" అంది అవ్వ. "మా ఇంటికాన్నుంచి ఏటిదాకా పొయ్యొచ్చినా."

పక్కింటామె పడీ పడీ నవ్వింది. "నలభై సెకండ్లలోనా? పిండిమిషనుకాడ నిలబడి గంటసేపు మాట్లాడకుండా నువ్వెప్పుడు పొయినావొదినా ఏటికి?"

నాకూ నవ్వాగలేదు. మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంటోంది. అవ్వ కూడా నవ్వుతూనే అంది:

"అందుకే బిరీన పొయ్యొచ్చినా మే. దోవలో ఎవురూ ల్యాకపోయిరి."

మేడం రికార్డరు నడుస్తూనే ఉంది. ఆదివారం కూర్చుని టైపు చేసేటప్పుడు చూశాను, ఆ మాట తర్వాత ముప్పైయొక్క సెకండ్లు ఎవరూ మాట్లాడలేదు, మధ్యలో మేక ఒకసారి అరిచింది. రెండూ ఉంచేశాను.